స్పీకర్‌కి చెప్పి కొంటే డబ్బు ఎప్పుడు కదులుతుంది? మధ్యలో దాన్ని ఆపేది ఏది?

గోరింక

మా అత్తయ్యకి చూపు బాగా తగ్గింది. ఫోన్లో అక్షరాలు ఎంత పెద్దవి చేసినా ఇబ్బందే. ఇంట్లో స్మార్ట్ స్పీకర్లు రెండున్నాయి. ఒకటి హాల్లో, ఒకటి ఆవిడ గదిలో. పాటలకీ అలారాలకీ మా అందరికన్నా ఎక్కువ వాడేది ఆవిడే. ఇప్పుడు "నాకు కావాల్సినవి నేనే చెప్పి తెప్పించుకుంటాను, ప్రతిదానికీ మిమ్మల్ని అడగడమేంటి" అంటున్నారు. న్యాయమే. మావయ్యగారికి మాత్రం టెన్షన్. టీవీలో ఎవరో ఏదో అంటే ఆర్డర్ వెళ్లిపోతుందని, మా ఏడేళ్ల బాబు ఆటబొమ్మలన్నీ ఇంటికి తెప్పించేస్తాడని ఆయన భయం.

ఆవిడ నోటి నుంచి మాట వచ్చినప్పటి నుంచి డబ్బు కదిలే దాకా మధ్యలో ఏం జరుగుతుందో ఎవరైనా వరసగా చెబుతారా? సెట్టింగ్స్ పేర్లు నేనూ చదువుకోగలను. ఏ సెట్టింగ్ నిజంగా ఎవరిని ఆపుతుందన్నదే నాకు అర్థం కావట్లేదు.

తుంటరి తమ్ముడు

అక్కా, ఇంత ఆలోచించాల్సిన పనే లేదు. వాయిస్ ప్రొఫైల్ పెట్టేయండి. స్పీకర్ అత్తయ్యగారి గొంతు నేర్చుకుంటుంది, ఇంకెవరు అడిగినా కొనదు. గొంతు కూడా వేలిముద్ర లాంటిదే. పిన్ గిన్ అని పెద్దావిడని ఇబ్బంది పెట్టకండి.

లెక్కల మాస్టారు

నేను చాలాకాలంగా వాడుతున్నాను, చక్కగా పనిచేస్తోంది. ఫోన్ చేస్తే ఒక వాక్యం చెప్పమంటుంది. చెప్పగానే "మీ గొంతు సరిపోయింది" అని ఖాతా వివరాలు చదువుతుంది. ఇంతవరకు ఒక్క పొరపాటూ లేదు. మీ అత్తయ్యగారిని కూడా బ్యాంకులో నమోదు చేయించండి.

గోరింక

మాస్టారూ, మీరు చెప్పేది బ్యాంకు కాల్ సెంటర్ సంగతి అనుకుంటా. నేను అడిగేది ఇంట్లో బల్ల మీద ఉండే స్పీకర్‌తో వస్తువులు కొనడం గురించండి.

పాత రేడియో

మాస్టారుగారు దారి తప్పినా ఒక మంచి ఉదాహరణ గుర్తుచేశారు. 2017లో బీబీసీ విలేఖరి డాన్ సిమన్స్ హెచ్‌ఎస్‌బీసీ బ్యాంకులో ఇలాగే గొంతుతో తెరుచుకునే ఖాతా పెట్టుకుని, తన కవల సోదరుడు జోతో దానికి ఫోన్ చేయించాడు. మొదటి ఏడుసార్లూ తిప్పికొట్టింది, ఎనిమిదోసారి లోపలికి రానిచ్చింది. డబ్బు తీసే వీలు లేకపోయినా బ్యాలెన్స్, లావాదేవీలు కనిపించాయి. బ్యాంకు స్థాయి వ్యవస్థే ఇలా చేసింది.

తమ్ముడూ, అందుకే వేలిముద్రతో పోలిక ఇక్కడ కుదరదు. స్పీకర్ కంపెనీలు గొంతు గుర్తింపుని మొదట పెట్టింది ఎవరి పాటల లిస్టు పెట్టాలో, ఎవరి క్యాలెండర్ చదవాలో తెలుసుకోవడానికి. "ఈ మాట ఈ ఇంట్లో ఎవరిది అయ్యుండొచ్చు" అన్న అంచనా అది. "కచ్చితంగా ఈవిడేనా" అన్న పరీక్ష కాదు. దాన్ని మరీ గట్టిగా బిగిస్తే జలుబు చేసినరోజు అసలు మనిషినే తోసేస్తుంది. వదులు చేస్తే అక్కని చెల్లి అనుకుంటుంది. ఇంట్లో వాడే వస్తువు కాబట్టి వదులువైపే మొగ్గు ఉంటుంది. గూగుల్ కూడా తన వాయిస్ మ్యాచ్ సహాయ పేజీలోనే, మీ గొంతుని పోలిన గొంతు గానీ రికార్డింగ్ గానీ దాన్ని దాటే అవకాశం ఉందని రాసుకుంది.

గోరింకగారూ, మీరడిగిన వరస ఇది. నేను వాడేది అమెజాన్ వాళ్ల అలెక్సా కాబట్టి దాని పద్ధతి చెబుతాను. మిగతావీ కొద్ది తేడాతో ఇంతే.

"అలెక్సా" అని మనం స్పీకర్‌ని లేపే పిలుపు పదాన్ని అది తనలోనే ఉన్న చిన్న ప్రోగ్రాంతో పట్టుకుంటుంది. అది వినపడ్డాకే తర్వాతి మాటలు కంపెనీ సర్వర్‌కి వెళతాయి. అక్కడ మాట అక్షరాలుగా మారి, ఇది కొనమనడమా, పాట పెట్టమనడమా అన్నది తేలుతుంది. కొనమనడమే అయితే మీ పాత ఆర్డర్లలో అలాంటి వస్తువు ఉందేమో మొదట చూస్తుంది, లేకపోతే తనే ఒకటి ఎంచుతుంది. ఆ వస్తువు పేరూ ధరా పైకి చదివి "ఆర్డర్ పెట్టనా?" అని అడుగుతుంది. సుమారు 8 సెకన్లు మైకు తెరిచి ఉంచి ఎదురుచూస్తుంది. ఎవరూ పలక్కపోతే ఆ కొనుగోలు అక్కడితో పోతుంది. అవునంటే, కొనుగోళ్లకి మీరు ముందే నాలుగంకెల కోడ్ పెట్టి ఉంటే ఆ కోడ్ అడుగుతుంది. అదీ సరిపోతేనే ఆర్డర్.

ఇంతవరకు కార్డు ఊసే రాలేదు, గమనించారా? స్పీకర్‌లో కార్డు నంబరు ఉండదు. మీ ఖాతాలో ముందే సెట్ చేసిన చెల్లింపు పద్ధతి, ముందే సెట్ చేసిన చిరునామా, ఈ రెండే వాడుకుంటుంది. కిటికీ బయట నిలబడి ఎవడైనా అరిచి ఆర్డర్ పెట్టినా ఆ సామాను మీ ఇంటికే వస్తుంది.

తుంటరి తమ్ముడు

అన్నా, టీవీ సంగతి మాత్రం నిజమేగా? అమెరికాలో న్యూస్ యాంకర్ ఒక మాట అంటే వందల ఇళ్లకి బొమ్మరిళ్లు డెలివరీ అయిపోయాయని చదివాను.

పాత రేడియో

సగం నిజం. 2017 జనవరిలో డాలస్‌లో ఆరేళ్ల పాప స్పీకర్‌తో మాట్లాడుతూ బొమ్మరిల్లు ఆర్డర్ పెట్టేసింది, అది నిజంగానే ఇంటికి వచ్చింది. ఆ వార్త చెబుతూ శాన్‌డియాగోలో సీడబ్ల్యూ6 అనే ఛానల్ యాంకర్ పాప అన్న మాటని పిలుపు పదంతో సహా మళ్లీ అన్నాడు. దాంతో తమ ఇళ్లలో స్పీకర్లు లేచి బొమ్మరిల్లు కొనబోయాయని ప్రేక్షకులు ఛానల్‌కి ఫోన్లు చేశారు. కొనబోయాయి అన్నారు, ఇంటింటికీ బొమ్మరిళ్లు దిగాయన్నది తర్వాత జనం నోట పెరిగిన కథ.

ఎందుకు దిగవో పైన చెప్పిన వరసలోనే ఉంది. యాంకర్ ఒక్కసారి అన్నాడు. స్పీకర్ ధర చదివి "పెట్టనా?" అని అడిగినప్పుడు టీవీ మళ్లీ సరైన సమయానికి అవును అనాలి. యాదృచ్ఛికంగా అలా కుదరడం కష్టం. పైగా అమెజాన్ తన ప్రకటనల ఆడియోని ముందే ఒక ముద్రలా తీసి పెట్టుకుంటుంది, ఆ ముద్రతో సరిపోయే పిలుపుకి స్పీకర్ లేవదు. ముందు తెలియని కార్యక్రమాల విషయంలో, ఒకే శబ్దం ఒకే సమయంలో చాలా ఇళ్ల నుంచి సర్వర్‌కి వస్తే, ఇది మనిషి కాదు ప్రసారం అని గ్రహించి వదిలేస్తుంది. మావయ్యగారి భయాల్లో టీవీది చిన్నది. పిల్లాడిది అంతకన్నా పెద్దది, ఎందుకంటే వాడు రెండో ప్రశ్నకి కూడా సంతోషంగా జవాబిస్తాడు.

గోరింక

మా వాడు అచ్చం అలాగే చేస్తాడు :) ధర ఎంత చెప్పినా "యెస్" అనేస్తాడు. అయితే ఆ "పెట్టనా?" అన్న ప్రశ్న రక్షణ కిందికి రాదన్నమాట?

పాత రేడియో

పొరపాటున లేచినప్పుడు అది బాగా ఆపుతుంది. కావాలని చేసేవాళ్లని అస్సలు ఆపదు. "అవును" అన్నది రహస్యం కాదు కదా, ఎవరైనా అనగలరు.

దీన్ని 2022లో లండన్ రాయల్ హాలోవే, ఇటలీలోని కటానియా విశ్వవిద్యాలయాల పరిశోధకులు చాలా కొంటెగా చూపించారు. స్పీకర్ తన నోటితో తానే పిలుపు పదం పలికేలా చేశారు. ఎకో డాట్ అనే అలెక్సా స్పీకర్ తన సొంత గొంతు విని తనకే ఆజ్ఞలు ఇచ్చుకుంది. కొనుగోలుకి అవునని చెప్పాలి కాబట్టి, ఆజ్ఞ ఇచ్చిన సుమారు 6 సెకన్లకి "యెస్" అన్న శబ్దం వినిపించేలా ఆడియోలోనే పెట్టేశారు. అంతే, ప్రశ్నకి జవాబు అందిపోయింది. అది చేయాలంటే దాడి చేసేవాడు దగ్గరికొచ్చి బ్లూటూత్‌తో కలపాలి, లేదా ఒక రేడియో స్టేషన్ లాంటిది మీచేత పెట్టించాలి. కంపెనీ తర్వాత కొన్ని దారులు మూసింది. మీ ఇంట్లో ఇలాంటిది జరుగుతుందని చెప్పట్లేదు. అవును కాదు అన్న ప్రశ్న ఎంత పల్చనిదో తెలియడానికి చెప్పాను. కోడ్ పెట్టి ఉంటే ఆ ఆడియో ఫైలుకి ఏ అంకెలు పలకాలో తెలియదు.

చేతికర్ర

నాకు చూపు పుట్టుకతోనే లేదు, స్పీకర్‌తో కొనడం నాకు రోజువారీ పని. కాబట్టి కోడ్ గొప్పదనం గురించి కొంచెం నా మాట కూడా వినండి.

ఆ నాలుగంకెల కోడ్‌ని పైకి చెప్పాలి. ఫోన్లో అయితే చేత్తో కప్పుకుని నొక్కుతారు మీరు. నేను గదంతా వినపడేలా అరవాలి. పదివేల కోడ్‌లలో ఒకటి అనేది లెక్కకే. గదిలో ఒక్కసారి విన్నవాడికి మిగిలేది ఒక్కటే. సహాయానికి వచ్చే అమ్మాయి ఉన్నప్పుడు నేను ఏమీ కొనను. చుట్టాలొస్తే కొనను. అంటే కోడ్ ఉన్నందుకు నేను నా ఇంట్లోనే వేళ చూసుకుని మాట్లాడాల్సి వస్తోంది.

ఇంకో సంగతి. ధర చదువుతుంది, నిజమే. కానీ ఎన్ని వస్తాయో, ఏ సైజో ఒక్కోసారి సగమే చదువుతుంది. కళ్లున్నవాళ్లు ఫోన్ తీసి చూస్తారు. నేను "ఇంకా వివరంగా చెప్పు" అని అడిగి మళ్లీ మొదటికి వస్తాను. నా దృష్టిలో అసలు నిర్ధారణ అదే. కొనేది నేనేనా అన్నదానికన్నా, నేను అనుకున్నదే కొంటున్నానా అన్నదానిలో ఎక్కువసార్లు దెబ్బతిన్నాను.

గోరింక

చాలా మంచి మాట చెప్పారండి. అత్తయ్యతో మాట్లాడేటప్పుడు ఈ కోణం నాకు తట్టనే లేదు. మరి మీరు ఏం పెట్టుకున్నారు?

చేతికర్ర

కోడ్ ఉంచాను, కానీ దాన్నే నమ్ముకుని లేను. స్పీకర్ వాడే ఖాతాలో నా అసలు కార్డు లేదు. కొద్దిపాటి డబ్బు మాత్రమే ఉండే విడి కార్డు ఒకటి ముందువరసలో పెట్టాను, పాత కార్డులు ఖాతాలోంచి తీసేశాను. అందులో లేనిది ఎవరూ ఖర్చుపెట్టలేరు, నా గొంతుని ఎంత బాగా అనుకరించినా సరే. నెలకోసారి నేనే నింపుకుంటాను. తలుపుకి పెద్ద తాళం వేసే బదులు పర్సు చిన్నది చేసుకున్నాను.

పాత రేడియో

పాత కార్డులు తీసేశానన్నారు చూశారా, అది ముఖ్యం. ముందువరస కార్డు తిరస్కరిస్తే ఖాతాలో ఉన్న మరో కార్డు మీద ప్రయత్నించే అమరిక కొన్ని దుకాణాల్లో ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే చిన్న పర్సు ఉపయోగం పోతుంది.

నీలి గొడుగు

సందు దొరికింది కాబట్టి నా గోల చెప్పుకుంటాను. నాది ఏ కంపెనీ స్పీకరో వదిలేయండి. కోడ్ పెట్టే ఉంది. మొన్న ప్రింటర్ ఇంకు ఒక సెట్ ఆర్డర్ పెడితే రెండు ఆర్డర్లు పడ్డాయి. రెండోదానికి ఎవరూ కోడ్ చెప్పలేదు. బ్యాంకు నుంచి రెండు మెసేజ్‌లు వచ్చాయి, అంటే డబ్బు రెండుసార్లు పోయినట్టే. కోడ్ ఉన్నా ఇలా ఎలా?

పాత రేడియో

ముందు మూడు చోట్ల చూసి చెప్పండి. ఆర్డర్ మెయిల్స్ రెండూ ఏ సమయానివి? యాప్‌లో వాయిస్ హిస్టరీ తెరిస్తే ఆ సమయానికి ఏ స్పీకర్ ఏ మాట విన్నానంటోంది, ఎవరి పేరు కింద రాసింది? ఇక కొనుగోలు సెట్టింగ్‌లో "ఈ గొంతు గుర్తుంటే కోడ్ మళ్లీ అడగొద్దు" అనే అర్థం వచ్చేది ఏమైనా ఆన్‌లో ఉందా?

నీలి గొడుగు

చూశాను. మొదటిది రాత్రి 9:40, నేనే అడిగాను, ధర చదివింది, యెస్ అన్నాను, కోడ్ చెప్పాను. రెండోది 9:52. హిస్టరీలో ఉన్నది "ఆర్డర్ ఇంక్". విని చూస్తే ఆ గొంతు నాది కాదు, మా చెల్లిది! పిలుపు పదం పేరెత్తి "ఇంకు ఆర్డర్ పెట్టావా దానికి" అని నన్ను అడుగుతోంది. స్పీకర్ లేచి ఏదో చదువుతుంటే అది ఫోన్లో ఇంకెవరితోనో మాట్లాడుతూ "యెస్ యెస్" అంది. పక్కన రాసిన పేరు మాత్రం నాది. మీరన్న సెట్టింగ్ కూడా ఆన్‌లోనే ఉంది. మొదట్లో కోడ్ ఒకసారి చెప్పినప్పుడు "ఇకపై మీ గొంతుతోనే కొనొచ్చు" అన్నట్టు గుర్తు.

పాత రేడియో

కోడ్ ఉన్నా కోడ్ అడగకపోవడానికి ఎక్కువసార్లు ఇదే కారణం. చాలామంది కోడ్ పెట్టి నిశ్చింతగా ఉంటారు, కానీ గుర్తుపట్టిన గొంతుకి అది మినహాయింపు ఇస్తోందని గమనించరు. అప్పుడు మీ అసలు తాళం కోడ్ కాదు, ఆ వదులు గొంతు గుర్తింపే. అలెక్సాలో అయితే More → Settings → Account Settings → Voice Purchasing లోపల నిర్ధారణ ఎలా జరగాలో చూపిస్తుంది. మెనూలు అప్పుడప్పుడు చోటు మారుతుంటాయి, పేరు మారితే అక్కడే చుట్టుపక్కల వెతకండి.

పైసా ఖర్చు లేకుండా పరీక్షించుకోవచ్చు. మీ చెల్లిని ఏదైనా వస్తువు అడగమనండి, ధర చదివి "పెట్టనా?" అనేదాకా వెళ్లనివ్వండి. అవును అన్నాక కోడ్ అడిగితే "క్యాన్సిల్" అనేయండి. కోడ్ అడక్కుండా ఆర్డర్ పెట్టేస్తే వెంటనే రద్దు చేయండి, మీ సందేహం తీరినట్టే.

డబ్బు మాట. మెసేజ్ వచ్చిందంటే డబ్బు పోయిందని కాదు. క్రెడిట్ కార్డు అయితే ఆర్డర్ సమయంలో దుకాణం బ్యాంకుని "ఇంత మొత్తం ఉందా, పక్కన పెట్టు" అని అడుగుతుంది. బ్యాంకు పక్కన పెట్టి మీకు మెసేజ్ పంపుతుంది. పెట్టెలో వచ్చే వస్తువులకి చాలా దుకాణాలు అసలు వసూలు చేసేది సరుకు బయల్దేరేటప్పుడే. ఆ మధ్యలో రద్దు చేస్తే పక్కన పెట్టినది కొన్ని రోజుల్లో తిరిగి విడుదలవుతుంది, వాపసు అని వేరే మెసేజ్ రాకపోవచ్చు కూడా. వాలెట్ బ్యాలెన్స్, గిఫ్ట్ బ్యాలెన్స్ అయితే అక్కడికక్కడే తగ్గుతుంది. పాటల చందా, ఆటల్లో కొనేవి లాంటి డిజిటల్ సరుకులకీ ఈ గడువు ఉండదు, అవి కొన్న క్షణంలోనే చేతికి వస్తాయి కాబట్టి డబ్బూ అప్పుడే.

నీలి గొడుగు

రద్దు చేశాను, ఇంకా బయల్దేరలేదట, హమ్మయ్య. పరీక్ష కూడా చేశాం. విచిత్రం ఏంటంటే ఒకసారి చెల్లిని నా పేరుతో పలకరించింది, ఇంకోసారి కోడ్ అడిగింది. అదే స్పీకర్, అదే మనిషి.

తుంటరి తమ్ముడు

అది గొంతు వల్ల కాదనుకుంటా అన్నా. పన్నెండు నిమిషాల ముందే కోడ్ చెప్పారు కదా, కొంచెంసేపు గుర్తుపెట్టుకుని మళ్లీ అడగలేదేమో. వెబ్‌సైట్లలో లాగిన్ అలాగే ఉంటుంది కదా.

పాత రేడియో

ఆ రాత్రి జరిగినదానికి రెండు వివరణలూ సరిపోతాయి, హిస్టరీలో పేరు తప్పుగా ఉండటం మాత్రం గొంతువైపే చూపిస్తోంది. ఫోన్లో మాట్లాడుతూ దూరం నుంచి అన్న రెండు మూడు పదాలు గొంతు పోల్చడానికి చాలా తక్కువ సరుకు. దగ్గర నిలబడి నింపాదిగా అడిగితే తేడా పట్టుకుంటుంది. పరీక్షలో ఒకసారి అటూ ఒకసారి ఇటూ వచ్చిందంటే మీరిద్దరూ దాని హద్దు మీద ఉన్నారు. ఎలాగూ ఆ మినహాయింపు తీసేస్తే రెండు అనుమానాలకీ మందు ఒకటే.

లెక్కల మాస్టారు

అయ్యా, నా ప్రశ్న ఒకటి. నేను కార్డుతో ఎక్కడ కొన్నా ఫోన్‌కి ఓటీపీ వస్తుంది. ఈ స్పీకర్‌కి అది ఎందుకు రాదు? బ్యాంకు ఎలా ఒప్పుకుంటోంది?

పాత రేడియో

ఈసారి గురి తప్పలేదు మాస్టారూ. అది స్పీకర్ చేతిలో ఉన్నది కాదు, మీరున్న దేశంలో బ్యాంకు నిబంధన. కొన్ని దేశాల్లో దుకాణం దగ్గర దాచిన కార్డుని దుకాణం మాట మీదే బ్యాంకు నమ్ముతుంది, మోసమని తేలితే నష్టం దుకాణం భరిస్తుంది. రెండో నిర్ధారణ తప్పనిసరి అన్న చోట నోటి మాట దగ్గర పని ముగియదు. స్పీకర్ ఆర్డర్‌ని సిద్ధం చేసి ఆపుతుంది, ఫోన్‌కి నోటిఫికేషనో లింకో వస్తుంది, అక్కడ వేలిముద్రో ఓటీపీయో ఇస్తేనే కదులుతుంది. వాలెట్‌లో ముందే వేసిన డబ్బుతో అయితే ఈ అడ్డు లేకుండా వెళ్లే ఏర్పాట్లూ ఉన్నాయి.

నా వరకు ఫోన్ నిర్ధారణే అన్నింటికన్నా గట్టిది. ఎందుకంటే అది వేరే దారిలో వస్తుంది. గదిలో వినపడే శబ్దంతో దాన్ని దాటలేరు. గొంతు, అవును అన్న మాట, పైకి చెప్పే కోడ్, ఈ మూడూ ఒకే గాల్లో నడుస్తాయి, ఒకే మైకులోకి వెళతాయి. మైకుని మోసం చేయగలిగినవాడికి మూడూ ఒకే చోట దొరుకుతాయి.

గోరింకగారి ఇంటికి నా సలహా: స్పీకర్‌తో కొనడం ఆపేసి, కార్ట్‌లో వేయడం మాత్రం ఉంచండి. అత్తయ్యగారు చెప్పినవన్నీ కార్ట్‌లో చేరతాయి. సాయంత్రం మీరు ఫోన్లో ఒకసారి చూసి నొక్కుతారు. పిల్లాడు వేసిన బొమ్మ అక్కడే ఆగిపోతుంది.

చేతికర్ర

ఇక్కడ మీతో నేను ఒప్పుకోను పాత రేడియోగారూ. ఆవిడ అడిగింది ఏంటి? ప్రతిదానికీ మిమ్మల్ని అడగడమేంటి అని. మీరు తిప్పి తిప్పి మళ్లీ కోడలి అనుమతి దగ్గరికే తెచ్చారు. సాయంత్రం కోడలు చూసి "ఇది ఎందుకత్తయ్యా" అంటే ఆవిడ మళ్లీ అడగరు. పిల్లాడిని ఆపడానికి పెద్దావిడ చేతులు కట్టేయడం ఏం న్యాయం? ఆవిడ ఫోన్లో స్క్రీన్ చదివే సదుపాయం ఆన్ చేసి, నిర్ధారణ ఆవిడ ఫోన్‌కే, ఆవిడ వేలిముద్రకే రానివ్వండి. నేర్చుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది, పడనివ్వండి.

పాత రేడియో

మీ మాటలో బలం ఉంది. అయితే ఖాతా ఎవరిది అన్నది చూడాలి. ఇంట్లో రెండు స్పీకర్లూ కోడలి ఖాతా మీద ఉంటే నోటిఫికేషన్ కోడలికే వస్తుంది, అత్తయ్యగారి ఫోన్‌కి రాదు. ఆవిడ గది స్పీకర్‌ని ఆవిడ సొంత ఖాతాకి మార్చాలి. అలా మారిస్తే ఇంకో లాభం ఉంది. హాల్లో స్పీకర్‌కి కొనుగోలు పూర్తిగా తీసేయొచ్చు, టీవీ గోలా, పిల్లాడి గోలా అక్కడితో సరి.

గోరింక

ఇప్పటిదాకా చేసింది చెబుతాను. రెండూ నా ఖాతా మీదే ఉన్నాయి, అందుకే మీ మాటతో ఆవిడ గదిదాన్ని ఆవిడ పేరున విడి ఖాతాకి మార్చాం. అందులో చేతికర్రగారు చెప్పినట్టు చిన్న మొత్తం ఉండే కార్డు ఒక్కటే. గొంతు గుర్తిస్తే కోడ్ వద్దు అన్నదాన్ని తీసేశాను. హాల్లో కొనుగోలు ఆఫ్. మావయ్యగారు తనే హాల్లో నిలబడి టీవీ యాంకర్‌లా గట్టిగా ఏదో కొనమని అడిగి చూశారు, కొనే వీలు లేదని చెప్పింది, ఆయన ముఖం వెలిగిపోయింది.

ఇంక కోడ్. అత్తయ్య తన పుట్టిన సంవత్సరం పెడతానంటున్నారు, గుర్తుంటుందని. ఇంట్లో అందరికీ తెలిసిందే కదా అది.

తుంటరి తమ్ముడు

అందరికన్నా ముందు మీ బాబుకే తెలిసి ఉంటుంది అక్కా, పుట్టినరోజు కేకు మీద రాసింది వాడే చదివుంటాడు.

చేతికర్ర

ఆవిడకి బాగా కంఠతా వచ్చిన పాత ఫోన్ నంబర్ ఏదైనా ఉంటే, దాని మధ్యలోంచి నాలుగంకెలు తీసుకోమనండి. నేను చేసేది అదే. ఎవరైనా విన్నారనిపిస్తే పక్క నాలుగంకెలకి జరుగుతాను. కొత్త కోడ్ గుర్తుపెట్టుకునే పని లేదు. ఆవిడ గది తలుపు వేసుకుని కొనేవారా, తెరిచి ఉంచేవారా?

గోరింక

తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. మూయమంటే "నేనేం దొంగతనం చేస్తున్నానా" అంటారు. దీనికి సెట్టింగ్ ఏమైనా ఉందా :)

పాత రేడియో

దానికి లేదు. ఆర్డర్ మెయిల్స్, నోటిఫికేషన్లు ఆవిడ ఫోన్‌లో పైకి చదివేలా పెట్టండి. తను కొననిది ఏదైనా పడితే మొదట తెలిసేది ఆవిడకే, సరుకు బయల్దేరేలోపు రద్దు చేసే టైమూ ఉంటుంది. పెట్టిన వెంటనే అయితే "నా ఆర్డర్ క్యాన్సిల్ చెయ్" అని స్పీకర్‌కే చెప్పొచ్చు, ఆలస్యమైతే యాప్‌లోకి వెళ్లాలి. ఇంకు ఆర్డర్ల గొడవలో నీలి గొడుగుగారిని కాపాడింది ఆ బ్యాంకు మెసేజే కదా.

నీలి గొడుగు

అవునండీ, అదే. అన్నట్టు పిలుపు పదం కూడా మార్చేశాం. మా చెల్లి ఇప్పుడు కొత్త పేరు కూడా ఎత్తి నన్ను ప్రశ్నలు అడుగుతోంది. దాన్నేం చేయాలో తెలియట్లేదు.